బీసీఏ డైరీ: డీటీటీ కలిసిన లైసేట్‌లో ప్రొటీన్ ఎంతుందో తేల్చడం

ఇది ఎవరైనా చూసి చేసుకోవడానికి, లేదా నేను పోగొట్టుకున్న శాంపిల్ వాళ్లు పోగొట్టుకోకుండా ఉండటానికి రాసిన లెక్క. పని చిన్నదే. హెచ్‌ఈకే 293 కణాలను పగలగొట్టి రెండు లైసేట్లు తయారుచేశాను. రెండింటిలో ప్రొటీన్ ఎంతుందో బీసీఏ అనే రంగు పరీక్షతో కొలిచి, సమానంగా జెల్ మీద ఎక్కించాలి.

బఫర్ ఇది: 50 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 7.5), 150 మిల్లీమోలార్ ఉప్పు, 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ. ఎ-లైసేట్‌ను ఎంజైమ్ పరీక్షకు కూడా వాడాలి కాబట్టి దాని బఫర్‌లో డీటీటీ అనే క్షయకారిణిని 5 మిల్లీమోలార్ కలిపాను. బి-లైసేట్‌లో డీటీటీ లేదు. ఎ 400 మైక్రోలీటర్లు వచ్చింది, మైనస్ 20 డిగ్రీల్లో పెట్టాను. అక్కడున్న తొమ్మిది రోజుల్లో రెండుసార్లు బయటికి తీసి కరిగించాను. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష ఎందుకు చేయలేదంటే, అందులోని కూమాసీ రంగు డీటీటీని పట్టించుకోదు కానీ 1 శాతం ట్రైటాన్ ఉంటే దెబ్బతింటుంది. బీసీఏది దీనికి సరిగ్గా తిరగేసిన స్వభావం. డిటర్జెంట్‌ను ఓర్చుకుంటుంది, క్షయకారిణి తగిలితే మోసపోతుంది. నా ఎ-లైసేట్‌లో రెండూ ఉన్నాయి.

## దశ 1: నమ్మిన అంకె, నమ్మనివ్వని జెల్

చేసినవి:

1. ఎ-రియేజెంట్ 50 పాళ్లు, బి-రియేజెంట్ 1 పాలు కలిపి వర్కింగ్ రియేజెంట్ తయారుచేశాను. ఎ-రియేజెంట్ బీసీఏ, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్, టార్ట్రేట్ ఉన్న క్షార ద్రావణం, పీహెచ్ 11.25. బి-రియేజెంట్ 4 శాతం కాపర్ సల్ఫేట్. కలిపితే పచ్చి జామకాయ రంగు రావాలి, వచ్చింది.
2. బీఎస్ఏ అనే ప్రొటీన్‌తో స్టాండర్డ్లు: 0, 125, 250, 500, 750, 1000, 1500, 2000 మైక్రోగ్రాములు/మి.లీ. ఒక్కోటి మూడేసి వెల్స్.
3. రెండు లైసేట్లనూ నీటిలో పదింతలు పలచన చేశాను.
4. వెల్‌కు 25 మైక్రోలీటర్ల శాంపిల్, 200 మైక్రోలీటర్ల రియేజెంట్.
5. 37 డిగ్రీల్లో 30 నిమిషాలు, చల్లారాక 562 నానోమీటర్ల దగ్గర రీడింగ్.

నీటి బ్లాంక్ 0.095. దాన్ని తీసేస్తే 250 స్టాండర్డ్ 0.225, 500 స్టాండర్డ్ 0.435, 1000 స్టాండర్డ్ 0.825. గీత పైకి వెళ్లేకొద్దీ కొద్దిగా వంగింది. బీసీఏలో అది మామూలే. అందుకే సరళరేఖ బిగించకుండా, పక్కపక్క స్టాండర్డ్‌ల మధ్య అంకె తీసుకున్నాను.

ఎ-లైసేట్ 0.64. పలచన లెక్క కలిపితే 7.6 మి.గ్రా./మి.లీ. బి-లైసేట్ 2.5 మి.గ్రా./మి.లీ. ఎ కణాలు ఎక్కువ పెరిగి ఉంటాయనుకుని ముందుకు వెళ్లిపోయాను. అది తప్పు. రెండు ఫ్లాస్కుల కణాల లెక్క నోటుబుక్కులోనే ఉంది, దాదాపు సమానం. ఆ పేజీ తిప్పి చూసి ఉంటే జెల్ ఖర్చు మిగిలేది.

20 మైక్రోగ్రాముల చొప్పున ఎక్కించడానికి ఎ 2.6 మైక్రోలీటర్లు, బి 8 మైక్రోలీటర్లు తీసుకున్నాను. కూమాసీ వేసి కడిగాక చూస్తే ఎ లేన్ వెలిసిపోయినట్టుంది. బ్యాండ్లన్నీ ఉన్నాయి, ప్రతి ఒక్కటీ బి-లోని దానిలో మూడో వంతు మాత్రమే ముదురు. ఒక్క బ్యాండ్ తగ్గితే అది జీవశాస్త్రం కావచ్చు. లేన్ మొత్తం ఒకే పాళ్లలో తగ్గితే తప్పు కొలతలోనే ఉంది.

*ఇప్పటివరకు: వెల్స్ 30. ఎ-లైసేట్ మిగిలింది 385 మైక్రోలీటర్లు.*

## దశ 2: రంగు ఎంత వచ్చిందని కాదు, ఎప్పుడు వచ్చిందని

జెల్ ఫొటో పట్టుకుని ల్యాబ్‌లో సీనియర్ అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె అంకెలు చూడనే లేదు.

"రియేజెంట్ పోసిన వెంటనే ప్లేట్ చూశావా?"

"లేదక్కా, నేరుగా ఇంక్యుబేటర్‌లో పెట్టేశాను."

"ఈసారి వెంటనే పెట్టకు. బల్ల మీదే ఉంచి ఒక నిమిషానికి చదువు, తర్వాత ఇంక్యుబేటర్‌లో పెట్టి ముప్పై నిమిషాలకు చదువు. ప్రొటీన్‌కు అంత తొందర ఉండదు."

ఆమె చెప్పినదానికి కారణం రసాయనంలో ఉంది. బీసీఏ పరీక్షలో ప్రొటీన్‌ను నేరుగా కొలవం. క్షార ద్రావణంలో Cu²⁺ ఒక ఎలక్ట్రాన్ అందుకుని Cu⁺ అవుతుంది. ఒక్కో Cu⁺ చుట్టూ రెండు బీసీఏ అణువులు చేరి ఊదా రంగు ఇస్తాయి. మనం చదివేది ఆ ఊదా రంగునే. ఆ ఎలక్ట్రాన్ ఎవరిచ్చారన్నది రంగుకు తెలియదు. ప్రొటీన్‌లో ఇచ్చేవి ప్రధానంగా సిస్టీన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ పక్క గొలుసులు, వాటితోపాటు పెప్టైడ్ బంధాలు. పెప్టైడ్ బంధాలు నెమ్మదిగా, వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా పనిచేస్తాయి. అందుకే ఇంక్యుబేషన్. డీటీటీకి అవేమీ అక్కర్లేదు. పీహెచ్ 11 దాటిన ద్రావణంలో దాని రెండు థయోల్ గుంపులూ ప్రోటాన్ వదిలేసి ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటాయి.

మొదటి నిమిషంలోనూ, 37 డిగ్రీల్లో 30 నిమిషాల తర్వాతా వచ్చిన రీడింగులు (నీటి బ్లాంక్ తీసేసి):

- బీఎస్ఏ 500 మైక్రోగ్రాములు/మి.లీ.: 0.04 నుంచి 0.43కి
- బి-లైసేట్, పదింతల పలచన: 0.03 నుంచి 0.22కి
- డీటీటీ 0.5 మిల్లీమోలార్, నీటిలో, ప్రొటీన్ లేదు: 0.55 నుంచి 0.58కి
- ఎ-లైసేట్, పదింతల పలచన: 0.43 నుంచి 0.64కి

ఎ-లైసేట్ రంగులో మూడింట రెండు వంతులు మొదటి నిమిషంలోనే వచ్చేశాయి. ఆ తర్వాత పెరిగింది 0.21. బి పెరిగింది 0.19. రెండు లైసేట్లలో ప్రొటీన్ దాదాపు ఒకటేనని ఈ తేడానే చెబుతోంది. అయినా దీన్ని కొలతగా వాడొద్దని నా అభిప్రాయం. ప్రొటీన్‌లోని సిస్టీన్ కూడా కొంత త్వరగా రంగునిస్తుంది, పైగా ప్లేట్‌లో మొదటి వెల్‌కీ చివరి వెల్‌కీ మధ్య పోయడంలోనే నిమిషం తేడా వస్తుంది. రోగం ఉందో లేదో చెప్పడానికి మాత్రం ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. రియేజెంట్ పోసి ప్లేట్ కింద తెల్ల కాగితం పెట్టి చూడండి. నిమిషంలో ఊదా కనిపించిందంటే అది ప్రొటీన్ పని కాదు.

డీటీటీకి 0.58 ఎందుకొచ్చిందో కాగితం మీద వేసి చూశాను. ఒక్కో డీటీటీ రెండు రాగి అయాన్లను క్షయకరిస్తుందనీ, ఊదా సంకీర్ణం మోలార్ గుణకం 7,700 అనీ, వెల్‌లో 225 మైక్రోలీటర్ల లోతు 0.68 సెంటీమీటర్లనీ తీసుకున్నాను.

```
0.5 mM × 25 µL       = 12.5 nmol DTT
12.5 × 2             = 25 nmol Cu⁺
25 nmol ÷ 225 µL     = 0.111 mM
0.111 × 7.7 × 0.68   = 0.58
```

లెక్క, కొలత కలిశాయి. మరో మూడు గాఢతలు కూడా పెట్టాను: 0.1 మిల్లీమోలార్‌కు 0.12, 0.25కు 0.29, 1కి 1.13. అంటే శాంపిల్‌లో 1 మిల్లీమోలార్ డీటీటీ ఉంటే, చుక్క ప్రొటీన్ లేకపోయినా, దాదాపు 1.4 మి.గ్రా./మి.లీ. బీఎస్ఏ ఉన్నట్టు కనబడుతుంది. 5 మిల్లీమోలార్ బఫర్‌ను పలచన చేయకుండా పోస్తే రీడర్ తెర మీద `OVRFLW` అని వచ్చింది.

*ఇప్పటివరకు: వెల్స్ 57. ఎ-లైసేట్ మిగిలింది 375 మైక్రోలీటర్లు.*

## దశ 3: అందరూ చెప్పే రెండు మందులు, రెండూ పనిచేయలేదు

మొదటిది బఫర్ బ్లాంక్. డీటీటీ ఉన్న బఫర్‌నే బ్లాంక్‌గా పెట్టి తీసేస్తే సరిపోతుందంటారు. అప్పటికప్పుడు 5 మిల్లీమోలార్ డీటీటీతో బఫర్ తయారుచేసి, పదింతలు పలచన చేసి పెట్టాను. 0.58 వచ్చింది. ఎ-లైసేట్ 0.64లోంచి అది తీసేస్తే 0.06. లెక్క కడితే 0.65 మి.గ్రా./మి.లీ. మొన్న 7.6, ఇవాళ 0.65. రెండూ తప్పే, ఒకటి పైకి, ఒకటి కిందికి.

కారణం వెతకడానికి సగం రోజు పట్టింది. డీటీటీ నిలకడైన పదార్థం కాదు. 20 డిగ్రీల్లో దాని అర్ధాయువు పీహెచ్ 6.5 దగ్గర 40 గంటలు, 7.5 దగ్గర 10 గంటలు, 8.5 దగ్గర 1.4 గంటలే. నా లైసేట్ రెండుసార్లు కరిగింది, బల్ల మీద కూర్చుంది. దశ 2లో ఎ-లైసేట్ మొత్తం రంగులోంచి ప్రొటీన్ భాగాన్ని తీసేస్తే మిగిలే 0.42 దాదాపు 0.36 మిల్లీమోలార్ డీటీటీకి సమానం. పదింతలు చేస్తే 3.6. అంటే 5లో 3.6 మాత్రమే చురుగ్గా మిగిలింది. నేను తాజా 5తో బ్లాంక్ పెట్టి, లైసేట్‌లో లేని డీటీటీని కూడా తీసేశాను. బఫర్ బ్లాంక్ పనిచేయాలంటే ఆ బఫర్ కూడా లైసేట్‌తోపాటే అదే ట్యూబులో, అదే ఫ్రీజర్‌లో, అన్నేసి సార్లు కరిగి ఉండాలి. అప్పుడు కూడా 0.64లోంచి 0.42 తీసి 0.22 నమ్ముకోవాలి. పెద్ద అంకెల మధ్య చిన్న తేడా మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు. పిపెట్‌లో 3 శాతం తప్పొస్తే ఫలితంలో 10 శాతం దాకా తప్పొస్తుంది.

రెండో మందు ఇంకా పలచన చేయడం. పదింతలు, ఇరవై ఇంతలు, నలభై ఇంతలు పెట్టాను. 0.64, 0.32, 0.16 వచ్చాయి. వెనక్కి లెక్కిస్తే 7.6, 7.3, 7.0 మి.గ్రా./మి.లీ.

ఇది నాకు అన్నిటికంటే భయం కలిగించిన ఫలితం. పలచనల మధ్య ఇంత పొందిక ఉంటే మామూలుగా ఎవరైనా కొలత సరిగ్గా ఉందనే అంటారు. కానీ పలచన చేసినప్పుడు ప్రొటీన్, డీటీటీ రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి. వాటి నిష్పత్తి మారదు, కాబట్టి తప్పు కూడా మారదు. అడ్డొచ్చే పదార్థంతో పోలిస్తే ప్రొటీన్ చాలా ఎక్కువ ఉన్నప్పుడే పలచన అక్కరకొస్తుంది. నా దగ్గర అలా లేదు.

ఈడీటీఏ గురించి ఇక్కడే ఒక మాట. అది రాగిని పట్టేసుకుని రంగు తగ్గిస్తుంది, డీటీటీకి వ్యతిరేక దిశలో. కానీ వెల్‌లో రాగి 0.63 మైక్రోమోల్ ఉంటే, పలచన చేయని నా బఫర్ నుంచి వచ్చే ఈడీటీఏ 0.025 మైక్రోమోల్. దాన్ని వదిలేశాను.

*ఇప్పటివరకు: వెల్స్ 93. ఎ-లైసేట్ మిగిలింది 355 మైక్రోలీటర్లు.*

## దశ 4: థయోల్ నోరు మూయించడం

డీటీటీని తీసేయలేకపోతే దాని థయోల్‌కు మూత పెట్టొచ్చు. అయడోఅసిటమైడ్ థయోల్‌లోని గంధకానికి అంటుకుపోతుంది, ఆ తర్వాత అది రాగికి ఎలక్ట్రాన్ ఇవ్వలేదు. బీసీఏ పద్ధతి 1985లో వచ్చింది. థయోల్ పదార్థాలు ఉన్నప్పుడు అయడోఅసిటమైడ్‌ను ఇలా వాడొచ్చని 1988లోనే ప్రచురించారు. పాత ఉపాయమే.

మొదటి ప్రయత్నం:

1. ఎ-లైసేట్‌ను నీటిలో పదింతలు పలచన చేశాను.
2. అయడోఅసిటమైడ్ 10 మిల్లీమోలార్ అయ్యేలా కలిపాను. డీటీటీ మహా అయితే 0.5, రెండు థయోల్స్ కాబట్టి 1. పదింతలు ఎక్కువే ఉంది.
3. గది ఉష్ణోగ్రతలో 20 నిమిషాలు ఉంచాను.

డీటీటీ ఒక్కటే ఉన్న వెల్ 0.58 నుంచి 0.27కి దిగింది, అంతే. ఎ-లైసేట్ 4.8 మి.గ్రా./మి.లీ. చూపింది. సగం పని జరిగింది.

తప్పు నీటిలో ఉంది. అయడోఅసిటమైడ్ చర్య జరిపేది ప్రోటాన్ వదిలేసిన థయోల్‌తో. డీటీటీ మొదటి పీకేఏ సుమారు 9.2. పీహెచ్ 7 చుట్టూ ఉన్న పలచటి ద్రావణంలో ఆ రూపం ఒక శాతం లోపే. పీహెచ్ 8కి తెస్తే ఆరు శాతం దాకా ఉంటుంది, వేడి కూడా తోడైతే చర్య పూర్తవుతుంది. అయడోఅసిటమైడ్ సీసా కూడా మార్చాను. పాతది వెలుగులో ఉండి పసుపెక్కింది, అంటే విడిపోయి అయోడిన్ వదులుతోంది. అది తెల్లగా ఉంటేనే వాడండి.

రెండో ప్రయత్నం:

1. పలచనకు నీటికి బదులు 50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8.0.
2. అప్పుడే కరిగించిన తెల్ల అయడోఅసిటమైడ్, చివరికి 10 మిల్లీమోలార్.
3. ట్యూబులకు రేకు చుట్టి 37 డిగ్రీల్లో 20 నిమిషాలు.
4. బీఎస్ఏ స్టాండర్డ్లకూ, బ్లాంక్‌కూ, బి-లైసేట్‌కూ అచ్చంగా ఇదే.
5. తర్వాత మామూలు బీసీఏ.

నాలుగో అంచె దాటేయకండి. అయడోఅసిటమైడ్ ప్రొటీన్‌లోని స్వేచ్ఛా సిస్టీన్లకు కూడా మూత పెడుతుంది, అంటే ప్రొటీన్ రంగు కూడా కొంచెం తగ్గుతుంది. స్టాండర్డ్‌లకు చేయకుండా శాంపిల్‌కే చేస్తే అంకె కిందికి పోతుంది. రసాయనం విషపూరితం కాబట్టి గ్లౌజులు తప్పనిసరి.

డీటీటీ ఒక్కటే ఉన్న వెల్: 0.03. ఎ-లైసేట్: 2.4 మి.గ్రా./మి.లీ. బి-లైసేట్: 2.5, అంటే మూత పెట్టకముందు ఎంతో ఇప్పుడూ అంతే. ఒక నిమిషం రీడింగులో ఎ కూడా బి లాగే 0.03 దగ్గర మొదలైంది.

*ఇప్పటివరకు: వెల్స్ 165. ఎ-లైసేట్ మిగిలింది 335 మైక్రోలీటర్లు.*

## దశ 5: వేరే దారిలో అదే అంకె వస్తుందా

ఒక పద్ధతి బాగా పనిచేసిందంటే దాన్ని ఇంకో పద్ధతితో నిలదీయాలి. అసిటోన్‌తో ప్రొటీన్‌ను అడుగున దింపి, డీటీటీని పైద్రవంతో పారబోయడం రెండో దారి.

1. 100 మైక్రోలీటర్ల లైసేట్, నాలుగింతలు (400 మైక్రోలీటర్లు) మైనస్ 20 డిగ్రీల అసిటోన్. ట్యూబు అసిటోన్‌ను ఓర్చుకునే ప్లాస్టిక్ అయ్యుండాలి, పాలీప్రొపిలీన్ సరిపోతుంది.
2. మైనస్ 20లో 60 నిమిషాలు.
3. 13,000 జీ వేగంతో 10 నిమిషాలు తిప్పి, పైద్రవం పారబోయడం.
4. ఆరబెట్టి, 1 శాతం ఎస్‌డీఎస్ 100 మైక్రోలీటర్లలో కరిగించడం. బీసీఏ ఎస్‌డీఎస్‌ను 5 శాతం దాకా ఓర్చుకుంటుంది.
5. పదింతలు పలచన చేసి కొలవడం. స్టాండర్డ్‌లు కూడా 0.1 శాతం ఎస్‌డీఎస్‌లో.

డీటీటీ లేని బి-లైసేట్‌ను పక్కనే ఇదంతా చేయించాను. దాని అసలు విలువ 2.5 అని తెలుసు కాబట్టి, ఎంత పోయిందో అదే చెబుతుంది.

మొదటిసారి ఎ 1.7, బి 1.8. అంటే 72 శాతమే తిరిగి వచ్చింది. ట్యూబు మూత తీసి గంటన్నర ఆరనిచ్చాను, ముద్ద గాజుపెంకులా గట్టిపడింది. ఎస్‌డీఎస్ పోసి ఎంత ఆడించినా అడుగున తెల్లటి పొర మిగిలింది. ఆ పొరే పోయిన 28 శాతం.

రెండోసారి ట్యూబును కాగితం మీద బోర్లించి పది నిమిషాలే ఉంచాను. అంచున ఇంకా కాస్త తేమ ఉండగానే ఎస్‌డీఎస్ పోసి, 60 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచి కరిగించాను. ఎ 2.2, బి 2.3. తిరిగి వచ్చింది 92 శాతం. ఎ-ను ఆ లెక్కన సరిచేస్తే 2.2 ÷ 0.92 = 2.4.

అయడోఅసిటమైడ్ దారిలో వచ్చిందీ 2.4 మి.గ్రా./మి.లీ. రెండు పద్ధతులకూ తప్పులు వచ్చే చోట్లు వేరు. అయినా ఒకే చోటికి వచ్చాయి కాబట్టి ఈ అంకెను నమ్ముతున్నాను. అసిటోన్ దారికి ఖరీదు మాత్రం ఎక్కువే, రెండు విడతల్లో 200 మైక్రోలీటర్ల లైసేట్ పోయింది.

*ఇప్పటివరకు: వెల్స్ 231. ఎ-లైసేట్ మిగిలింది 135 మైక్రోలీటర్లు.*

## దశ 6: "ఓర్చుకుంటుంది" అన్న డిటర్జెంట్ సంగతి

ఇంతవరకూ ట్రైటాన్‌ను అనుమానించలేదు. పట్టికల్లో 5 శాతం దాకా పరవాలేదని ఉంటుంది, నాది 1 శాతం. కానీ పగలగొట్టిన బి కణాలను అదే బఫర్‌తో కడిగిన చివరి ద్రావణం ఒకటి (సి అంటాను) పలచన చేయకుండా కొలిస్తే సుమారు 190 మైక్రోగ్రాములు/మి.లీ. చూపింది. జెల్ మీద చూస్తే లేన్ దాదాపు ఖాళీ. సి-లో డీటీటీ లేదు. నిమిషం రీడింగులో కూడా రంగు అంతగా లేదు.

1 శాతం ట్రైటాన్‌ను ఒక్కదాన్నే నీటిలో పెట్టి చూశాను. బల్ల మీది సీసా, తెరిచి మూడేళ్లు: 0.21. కొత్తగా తెరిచిన, నైట్రోజన్ కింద మూసిన ఆంప్యూల్: 0.10. నీరు: 0.095.

ట్రైటాన్‌లోని పాలీఆక్సీఎథిలీన్ తోక గాలికి, వెలుగుకు నెమ్మదిగా ఆక్సీకరణ చెంది పెరాక్సైడ్లను పోగేస్తుంది. పెరాక్సైడ్ బీసీఏలో రంగునిస్తుంది. పాత సీసాను పెరాక్సైడ్ కాగితపు పట్టీతో చూస్తే నీలం తిరిగింది, ఆంప్యూల్ తిరగలేదు. బ్లాంక్ మీద 0.115 ఎక్కువంటే దాదాపు 125 మైక్రోగ్రాములు/మి.లీ. ప్రొటీన్‌తో సమానం. పదింతలు పలచన చేసిన ఎ, బి లైసేట్లలో ఈ తప్పు 0.01 దగ్గర ఉండి కనబడలేదు. పలచన చేయని సి-లో ఉన్న ప్రొటీన్ కంటే అదే ఎక్కువైంది. కొత్త ట్రైటాన్‌తో మళ్లీ తయారుచేసి, అదే బఫర్‌ను బ్లాంక్‌గా పెడితే సి 60 మైక్రోగ్రాములు/మి.లీ.

ఇక్కడ బఫర్ బ్లాంక్ పనిచేసింది, దశ 3లో పనిచేయలేదు. రెండింటికీ తేడా ఏమిటంటే, ఇక్కడ తీసేసేది చిన్న అంకె, పైగా బ్లాంక్‌కీ శాంపిల్‌కీ మధ్య అది మారిపోదు.

60 అనేది స్టాండర్డ్ గీతలో అడుగు భాగం. రంగు పెంచుదామని 60 డిగ్రీల్లో 30 నిమిషాలు పెట్టాను. ప్రొటీన్ రంగు పెరుగుతుంది, నిజమే. కానీ ట్రైటాన్ ఉన్న వెల్స్ పాలనీళ్లలా మసకబారాయి. నీటిలో ట్రైటాన్ ఎక్స్-100 మబ్బు పట్టే ఉష్ణోగ్రత 64 డిగ్రీలు. రియేజెంట్‌లోని కార్బొనేట్ లాంటి లవణాలు దాన్ని ఇంకా కిందికి లాగుతాయి. మసకకు కాంతి చెదిరి, రీడర్ దాన్ని కూడా అబ్సార్బెన్స్‌గానే చదువుతుంది. తేల్చడానికి అదే ప్లేట్‌ను 750 నానోమీటర్ల దగ్గర చదివాను. ఊదా రంగు అక్కడ దాదాపు ఉండదు, మసక ఉంటుంది. ట్రైటాన్ లేని వెల్స్ 0.04, ఉన్నవి 0.14.

కాబట్టి సి-ను 37 డిగ్రీల్లోనే రెండు గంటలు ఉంచాను, స్టాండర్డ్‌లను కూడా దాని పక్కనే. 58 వచ్చింది, 750 రీడింగ్ అన్ని వెల్స్‌లోనూ ఒకటే. డిటర్జెంట్ ఉన్న శాంపిల్‌ను పిపెట్ చివరి గుక్క దాకా నొక్కకండి, నురుగు వస్తుంది. ఒక్క బుడగ వెల్ మధ్యలో నిలిస్తే మూడు రీడింగుల్లో ఒకటి పాడవుతుంది. వచ్చిన బుడగను శుభ్రమైన సూదితో పగలగొట్టాక చదివాను.

*ఇప్పటివరకు: వెల్స్ 303. వర్కింగ్ రియేజెంట్ సుమారు 61 మి.లీ.*

## దశ 7: మార్చిన పద్ధతి

ఇక మీదట చేసేది:

1. డీటీటీ లేని బఫర్‌తోనే కణాలను పగలగొట్టడం. ట్రైటాన్ ఆంప్యూల్ నుంచే, తెరిచిన తేదీ దాని మీద రాసి.
2. తిప్పి శుభ్రం చేసిన లైసేట్‌లోంచి 20 మైక్రోలీటర్లు బీసీఏ కోసం పక్కకు తీయడం.
3. ఆ తర్వాతే మిగతాదానికి 1 మోలార్ డీటీటీ, మి.లీ.కు 5 మైక్రోలీటర్లు. దీనివల్ల ఘనపరిమాణం అర శాతమే పెరుగుతుంది, ప్రొటీన్ అంకె మార్చక్కర్లేదు.
4. ప్లేట్‌లో శాంపిల్ ఏదైనా ఒక నిమిషం రీడింగ్, 30 నిమిషాల రీడింగ్, చివర 750 రీడింగ్. మూడూ నోటుబుక్కులో.
5. ఇప్పటికే డీటీటీ కలిసిన పాత ట్యూబులకు దశ 4లోని రెండో పద్ధతి.

డీటీటీకి బదులు టీసీఈపీ అనే క్షయకారిణి వాడిన శాంపిల్ వస్తే ఐదో అంచె పనికిరాదు. దానిలో మూత పెట్టడానికి థయోల్ లేదు, ఎలక్ట్రాన్ ఇచ్చేది ఫాస్ఫరస్. దానికి అసిటోన్ దారే, పక్కన తెలిసిన ప్రొటీన్ ఒకటి పెట్టి ఎంత తిరిగి వచ్చిందో చూసుకుంటూ.

నిన్న జెల్ మళ్లీ వేశాను. 20 మైక్రోగ్రాములకు ఎ 8.3 మైక్రోలీటర్లు, బి 8.0 మైక్రోలీటర్లు. కూమాసీ కడిగాక రెండు లేన్లూ పక్కపక్కన ఒకే ముదురు. యాక్టిన్ బ్లాట్‌లో బ్యాండ్ల తేడా 6 శాతం. ఎ-లైసేట్ మిగిలింది 126 మైక్రోలీటర్లు, ఎంజైమ్ పరీక్షకు మూడుసార్లు సరిపోతుంది.